గ్రానైట్ కంపెనీ మూడేళ్ల లెక్కలు: 1.46 కరెంట్ రేషియో వెనక ఏముందో తవ్విన డైరీ

చీమకుర్తిలో బ్లాకులు కొని, స్లాబులుగా కోసి, పాలిష్ చేసి అమ్మే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. సీసీ లిమిట్, అంటే అవసరాన్ని బట్టి వాడుకుని కట్టే బ్యాంకు అప్పు పరిమితి, 600 లక్షలు ఉంది, దాన్ని పెంచమని బ్యాంకులో పెట్టబోతున్నారు. ఆ ఫైలు కట్టే ముందు 2021-22, 2022-23, 2023-24 లెక్కల మీద రేషియోలు తీసి పెట్టమన్నారు. కంపెనీ పేరు చెప్పను. అసలు అంకెలన్నిటినీ ఒకే సంఖ్యతో గుణించి ఇక్కడ పెట్టాను, అలా చేస్తే రేషియోలు మారవు. అన్నీ లక్షల్లోనే.

నేను ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో అదే ఎక్కువ రాశాను. ఫార్ములాలు ఏ పుస్తకంలో అయినా దొరుకుతాయి.

## దశ 1: కాగితాలు, ఎక్సెల్ షీటు

మూడేళ్ల పని కదా అని మూడు బ్యాలెన్స్ షీట్లు తీసుకుని ఒంగోలు వచ్చేశాను. అదే మొదటి తప్పు. స్టాక్ ఎన్ని రోజులు నిలవ ఉంటోంది, నెట్‌వర్త్ మీద, అంటే యజమానుల సొంత నిధి మీద, లాభం ఎంత అనేవి సగటు మీద లెక్కేయాలి. సగటు కావాలంటే మొదటి ఏడాది ప్రారంభ నిల్వలు, అంటే 2021 మార్చి 31 నాటి అంకెలు కావాలి. మూడేళ్లకు నాలుగు బ్యాలెన్స్ షీట్లు అన్నమాట. మళ్లీ చీమకుర్తి బస్సెక్కాను.

నిజానికి నాలుగోదాన్ని విడిగా అడగక్కర్లేదు. 2021-22 రిపోర్టులో పక్క కాలమ్‌లో గత ఏడాది అంకెలు ఉంటాయి, అవే వాడాలి. 2020-21 సొంత రిపోర్టు వాడితే వర్గీకరణ తేడా వస్తుంది, అదెందుకో కింద చెప్తాను.

చేసిన పని:

1. ప్రతి ఏడాదికి ఒక కాలమ్, ఆస్తులు పైన, అప్పులు కింద.
2. మొత్తాలను కాపీ చేయకుండా, నోట్స్‌లో ఉన్న విడి అంకెలను ఎక్కించి ఎక్సెల్‌తోనే కూడించడం.
3. చివర్లో రెండు వైపులా సరిపోయాయో లేదో చూసే గడి.

```
=IF(ABS(B14-B31)<0.5,"OK",B14-B31)
```

ఎక్కించడం అయ్యాక మూడు కాలమ్‌లలోనూ "OK" రాలేదు. తేడాలు వరసగా 70, 75, 98. అంకెలు తప్పు కొట్టానేమో అని గంటన్నర ఒక్కో లైనూ చదువుకుంటూ పోయాను. చివరికి చూస్తే ఆ మూడూ టర్మ్ లోన్‌లో వచ్చే ఏడాది కట్టాల్సిన వాయిదాలు.

విషయం ఏంటంటే, నేను వాడిన షీటు పాతది. కంపెనీల చట్టం షెడ్యూల్ 3లో 2021 మార్చిలో మార్పు తెచ్చారు, అది 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు ఈ వాయిదాలు 'ఇతర కరెంట్ లయబిలిటీస్' కింద ఉండేవి. ఇప్పుడు 'షార్ట్ టర్మ్ బారోయింగ్స్' లోపలే కలిసి వస్తాయి. నా పాత షీటులో వాటికి వేరే లైను ఉండేసరికి నోట్స్‌లో చూసి అక్కడా వేశాను, ఇక్కడా వేశాను. రెండుసార్లు లెక్కలోకి వచ్చాయి. ఆ లైను పీకేశాక మూడూ సరిపోయాయి. 2020-21 సొంత రిపోర్టు వాడొద్దన్నది కూడా ఇందుకే.

తేడా వచ్చినప్పుడు ఆ తేడా అంకెనే నోట్స్‌లో వెతకండి. మన తప్పు చాలాసార్లు ఏదో ఒక లైను రెండుసార్లు పడటమో, అసలు పడకపోవడమో అయి ఉంటుంది. ఇది ముందే తెలిస్తే గంటన్నర మిగిలేది.

ఇప్పటివరకు: 6 గంటలు, బస్సు ట్రిప్పులు 2, రేషియోలు 0.

## దశ 2: లిక్విడిటీ, మొదటి మోసం

| | 2021-22 | 2022-23 | 2023-24 |
|---|---|---|---|
| స్టాక్ | 410 | 585 | 742 |
| మొత్తం కరెంట్ ఆస్తులు | 860 | 1,070 | 1,263 |
| మొత్తం కరెంట్ లయబిలిటీస్ | 670 | 814 | 868 |
| కరెంట్ రేషియో | 1.28 | 1.31 | 1.46 |

కరెంట్ రేషియో అంటే ఏడాదిలోపు డబ్బయ్యే ఆస్తుల్ని ఏడాదిలోపు కట్టాల్సిన బాకీలతో భాగించడం. ఆ ఆఖరి వరస చూసి ఓనర్ గారబ్బాయి ఫోన్‌లో "చూశారా అన్నా, ప్రతి సంవత్సరం పెరుగుతోంది" అన్నాడు. బ్యాంకు వాళ్లు కరెంట్ రేషియోకి 1.33ను గీటురాయిగా పెట్టుకోవడం టాండన్ కమిటీ నాటి నుంచి ఉన్నదే. కరెంట్ ఆస్తుల్లో నాలుగో వంతు దీర్ఘకాలిక నిధుల నుంచి రావాలి అన్న లెక్క నుంచి వచ్చింది అది. 1.46 అంటే ఆ గీత దాటినట్టే.

కానీ నగదు 32 నుంచి 18కి పడింది. కరెంట్ ఆస్తుల నుంచి స్టాక్ తీసేసి క్విక్ రేషియో వేస్తే 0.67, 0.60, 0.60. జీఎస్టీ రీఫండు, అడ్వాన్సులు కూడా పక్కనపెట్టి, చేతికొచ్చే డబ్బు అంటే నగదూ కస్టమర్ల బాకీలూ మాత్రమే తీసుకుంటే 0.59, 0.51, 0.50. రేషియో పెరిగిందంతా స్టాక్ వల్లే. స్టాక్ పెరిగితే దానికి తగ్గ అప్పు కూడా కరెంట్ లయబిలిటీస్‌లో పెరగాలి కదా, ఇక్కడ అంతగా పెరగలేదు. మరి ఆ స్టాక్‌కి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది?

లాంగ్ టర్మ్ బారోయింగ్స్ నోట్ తెరిస్తే దొరికింది. 'డైరెక్టర్ల నుంచి అన్‌సెక్యూర్డ్ లోన్': 110, 140, 290. ఒక్క ఏడాదిలో 150 పెరిగింది. దాన్ని లాంగ్ టర్మ్‌లో చూపించారు కాబట్టి కరెంట్ రేషియో హారంలోకి రాలేదు.

కంపెనీ అకౌంటెంట్ పెద్దాయన, నేను బాబాయ్ అంటాను. ఆయన్ని అడిగాను.

"బాబాయ్, ఈ డైరెక్టర్ల డబ్బుకి అగ్రిమెంట్ ఏమైనా ఉందా? ఇన్నేళ్ల దాకా తీసుకోము అని?"

"అగ్రిమెంటా! ఇంటి డబ్బు అబ్బాయ్ అది. అవసరం అయితే పెడతారు, అవసరం అయితే తీస్తారు."

అడిగితే ఇచ్చేయాల్సిన డబ్బు లాంగ్ టర్మ్ ఎలా అవుతుంది? పన్నెండు నెలల దాకా కట్టకుండా వాయిదా వేసే హక్కు కంపెనీకి లేకపోతే అది కరెంట్ లయబిలిటీయే. దాన్ని హారంలోకి తెచ్చి మళ్లీ వేశాను:

```
Strict CR = CA / (CL + Director Loan)
2021-22:  860 / ( 670 + 110) = 1.10
2022-23: 1070 / ( 814 + 140) = 1.12
2023-24: 1263 / ( 868 + 290) = 1.09
```

పెరిగినట్టు కనిపించిన రేషియో నిజానికి అక్కడే ఉంది, కాస్త తగ్గింది కూడా.

## దశ 3: లెడ్జర్

ఇది చూడకపోతే పని సగమే. బ్యాలెన్స్ షీటు ఒక రోజు ఫోటో మాత్రమే, ఆ రోజుకి అందరూ తల దువ్వుకుని నిలబడతారు. డైరెక్టర్ల లోన్ లెడ్జర్‌నీ, సీసీ ఖాతా స్టేట్‌మెంట్‌నీ పక్కపక్కన పెట్టి, మార్చి ఆఖరి వారం నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా చదివాను.

- 2024 మార్చి 28: డైరెక్టర్ ఖాతా నుంచి 90 జమ. సీసీ బాకీ 583 నుంచి 493కి దిగింది.
- మార్చి 31: సీసీ బాకీ 495. బ్యాలెన్స్ షీటులో ఉన్నది ఇదే.
- ఏప్రిల్ 12: డైరెక్టర్‌కి 85 వాపసు. సీసీ మళ్లీ 580 పైన.

పదిహేను రోజులు. తప్పుడు ఎంట్రీ ఏదీ లేదు, అన్నీ బ్యాంకు ద్వారా జరిగినవే. కానీ కరెంట్ అప్పు (సీసీ) తగ్గించి దాని స్థానంలో 'లాంగ్ టర్మ్' అప్పు పెట్టేసరికి మార్చి 31 నాటి రేషియో అందంగా కనబడింది. బాబాయ్‌ని అడిగితే "ప్రతి మార్చీ ఉండేదే" అన్నారు. 2023 మార్చిలో చూశాను, అప్పుడు 30 మాత్రమే.

మీరు ఈ పని చేస్తుంటే మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో పెద్ద మొత్తాలు వచ్చి పోయాయా అని లెడ్జర్ అడగండి. బయటివాళ్లై లెడ్జర్ దొరకకపోతే వేరే దారి ఉంది. ఏడాది వడ్డీని మొదటి, చివరి అప్పుల సగటుతో భాగించండి. ఇక్కడ డైరెక్టర్ల డబ్బుకి వడ్డీ లేదు కాబట్టి దాన్ని వదిలేస్తే, బ్యాంకు అప్పుల సగటు (760 + 923) / 2 = 841.5, వడ్డీ 121, అంటే 14.4 శాతం. శాంక్షన్ లెటర్లో ఉన్న రేటు కంటే ఇది బాగా ఎక్కువ. అప్పు ఏడాది పొడవునా మార్చి 31 అంకె కంటే పైనే ఉందనడానికి అది గుర్తు. బ్యాంకు చార్జీలు కూడా ఫైనాన్స్ ఖర్చులో కలిసి ఉంటాయి కాబట్టి ఇది ఖచ్చితమైన కొలత కాదు, అనుమానం పుట్టించడానికి మాత్రమే పనికొస్తుంది.

ఇప్పటివరకు: 13 గంటలు, ట్రిప్పులు 3, నమ్మదగ్గ రేషియోలు 2.

## దశ 4: యార్డు

స్టాక్ 742 అని కాగితం చెప్పింది. సగటు స్టాక్‌ని ఉత్పత్తి ఖర్చుతో లెక్కేస్తే మొదటి ఏడాది 96 రోజులు, తర్వాత 107, ఆ తర్వాత 146 రోజుల నిల్వ. అమ్మకాలు మాత్రం 2,110 నుంచి 2,050కి తగ్గాయి. మొదట్లో నేను అమ్మకాల మీద భాగించి 118 రోజులు అని రాసుకున్నాను, అది తప్పు. స్టాక్ కొన్న ధరలో ఉంటుంది, అమ్మకంలో లాభం కలిసి ఉంటుంది. అలా వేస్తే స్టాక్ వేగంగా కదులుతున్నట్టు కనబడుతుంది.

ఒక ఉదయం మేస్త్రితో యార్డంతా తిరిగాను. ముందు వరసల్లో నల్లటి గెలాక్సీ స్లాబులు, నీళ్లు చల్లితే ఆ బంగారు చుక్కలు ఎండలో మెరుస్తున్నాయి. వెనక గోడ దగ్గర ఇంకో కుప్ప, మీద ఎర్రటి దుమ్ము, మధ్యలో తుమ్మ మొక్క మొలిచి మోకాలెత్తు పెరిగింది. స్లాబు అంచు మీద మార్కర్‌తో రాసిన బ్లాక్ నంబరు వెలిసిపోయింది.

"ఇవి ఎప్పటివి?"

"కోసి రెండేళ్లు దగ్గరకొచ్చింది సార్. చుక్క ఒక పక్కే పడింది, సన్న గీత కూడా ఉంది. ఎక్స్‌పోర్ట్ వాళ్లు వద్దన్నారు."

స్టాక్ రిజిస్టర్లో బ్లాక్ నంబర్ల వారీగా పట్టుకుంటే పద్దెనిమిది నెలలు దాటిన సరుకు విలువ 160, అంతా కొన్న ధరలోనే ఉంది. అకౌంటింగ్ స్టాండర్డ్ 2 ప్రకారం స్టాక్‌ని ఖర్చు ధర, అమ్మితే చేతికొచ్చే ధర, ఈ రెండిట్లో తక్కువ దానితో చూపాలి. లోకల్‌గా ఇద్దరు వ్యాపారుల్ని అడిగితే అలాంటి సెకండ్స్‌కి ఖర్చు మీద 60 శాతం వస్తే గొప్ప అన్నారు. 160లో 40 శాతం అంటే 64 కోత.

ఆ ఏడాది పన్నుకు ముందు లాభం 62.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని కాసేపు టీ తాగాను. కోత పెడితే లాభం పోయి 2 లక్షల నష్టం వస్తుంది. లాభదాయకత గురించి ఇంకా మొదలే పెట్టలేదు, అప్పుడే దాని సంగతి తేలిపోయింది.

## దశ 5: అప్పుల భారం

డైరెక్టర్ల లోన్‌ని ఎటు వేస్తే అటు కథ మారిపోతుంది. మొత్తం అప్పు (టర్మ్ లోన్, వాయిదాలు, సీసీ, డైరెక్టర్లది) నెట్‌వర్త్‌తో భాగిస్తే 2.02, 1.80, 2.22. అదే డైరెక్టర్ల డబ్బుని సొంత పెట్టుబడిగా చూస్తే 1.41, 1.19, 1.10. ఒకే కంపెనీ, ఒకే అంకెలు. ఒక లెక్కలో చివరి ఏడాది భారం పెరిగింది, ఇంకో లెక్కలో ఏటా తగ్గుతూ వచ్చింది.

వాళ్లు ముందు తయారుచేసుకున్న కాగితంలో ఆ లోన్‌ని కరెంట్ రేషియోకి లాంగ్ టర్మ్‌గా, డెట్-ఈక్విటీకి సొంత పెట్టుబడిగా, చేతి అవసరానికి తీసుకునే డబ్బుగా మూడు రకాలుగా వాడుకున్నారు. నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఒక లైనుని ఒక రేషియోలో ఎలా చూస్తే మిగతా అన్నిట్లో, మూడేళ్లకూ అలాగే చూడాలి.

డెట్ సర్వీస్ రేషియో, అంటే ఏడాదిలో చేతికొచ్చే డబ్బు వడ్డీకీ వాయిదాలకీ కలిపి ఎన్ని రెట్లు అనే లెక్క దగ్గర ఇంకో తప్పు చేశాను. 2023-24లో కట్టాల్సిన వాయిదా కోసం ఆ ఏడాది బ్యాలెన్స్ షీటులోని 98 తీసుకున్నాను, 1.17 వచ్చింది. కానీ 2024 మార్చి 31న కనబడే 98 వచ్చే ఏడాది కట్టాల్సింది. 2023-24లో కట్టింది గత ఏడాది బ్యాలెన్స్ షీటులోని 75.

```
(46 + 90 + 121) / (121 + 75) = 1.31
```

లాభం, తరుగుదల, వడ్డీ పైన. వడ్డీ, వాయిదా కింద. అంతకు ముందు ఏడాది 1.50.

ఇప్పటివరకు: 19 గంటలు, ట్రిప్పులు 4, తిరగరాసిన రేషియోలు 5.

## దశ 6: లాభదాయకత

నికర లాభం 63, 71, 46. అమ్మకాల మీద శాతం 3.4, 3.4, 2.2. ఇతర ఆదాయం లైను 6, 5, 38 అని ఉంది, అక్కడ ఆగాను. పాత గ్యాంగ్ సా అమ్మితే వచ్చిన లాభం 30 అందులో ఉంది. మళ్లీ మళ్లీ అమ్మడానికి పాత మిషన్లు ఉండవు కాబట్టి అది తీసేసి, దాని మీద పన్ను పావలా వంతు సర్దితే నికర లాభం 23.5, అంటే 1.1 శాతం. అది తీసేశాక పైన వేసిన 1.31 కూడా 1.20కి దిగింది. వడ్డీకి ముందు వ్యాపార లాభం వడ్డీకి ఎన్ని రెట్లు అని చూస్తే 1.93, 1.94, 1.20. నా దృష్టిలో మొత్తం షీటులో ముఖ్యమైన వరస ఇదే, ఎందుకంటే డైరెక్టర్ల లోన్‌ని ఎటు వేసినా ఇది కదలదు.

నెట్‌వర్త్ మీద రాబడి 15.8, 15.3, 8.8 శాతం. ఎందుకు పడిందో మూడు ముక్కలుగా విడగొట్టాను:

```
2022-23: 3.36% x 1.31 x 3.45 = 15.3%
2023-24: 2.24% x 1.10 x 3.56 =  8.8%
```

మొదటిది లాభ శాతం, రెండోది ఆస్తుల మీద అమ్మకాల వేగం, మూడోది సొంత నిధికి ఆస్తులు ఎన్ని రెట్లు అన్నది, అప్పు పెరిగితే ఇదీ పెరుగుతుంది. అప్పు కాస్త పెరిగి రాబడిని నిలబెట్టాలని చూసింది, మిగతా రెండూ దాన్ని కిందికి లాగేశాయి. రెండో ముక్క పడిపోవడంలో ఎక్కువ భాగం వెనక గోడ దగ్గరున్న ఆ కుప్పలదీ, ఏడాది మధ్యలో వచ్చిన కొత్త మిషన్‌దీ.

ఒక చిన్న పక్కమాట. అదే 2021 మార్పులో కంపెనీలు 11 రేషియోలను నోట్స్‌లో చూపాలని, ఏదైనా గత ఏడాది కంటే 25 శాతానికి మించి మారితే కారణం రాయాలని పెట్టారు. వీళ్ల నోట్‌లో రాబడి 42 శాతం పడినందుకు రాసిన కారణం "లాభం తగ్గినందున". స్టాక్ టర్నోవర్ 27 శాతం తగ్గినందుకు "మార్కెట్ పరిస్థితులు". డెట్-ఈక్విటీ 23 శాతం పెరిగింది, కాబట్టి కారణం అక్కర్లేదు. కరెంట్ రేషియో 11 శాతం పెరిగింది, దానికీ అక్కర్లేదు. ఈ ఫైలులో అడగాల్సిన రెండు ప్రశ్నలూ ఆ గీత కిందే ఉండిపోయాయి.

## దశ 7: ఏం మార్చాం

అన్నీ ప్రింటు తీసి ఓనర్ పెద్దాయన ముందు పెట్టాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎంత ఉంచితే బ్యాంకు వాళ్లు నమ్ముతారు?" అని అడిగారు.

1. డైరెక్టర్ల లోన్‌లో 200ను బ్యాంకు అప్పు తీరేదాకా వెనక్కి తీసుకోబోమని రాతపూర్వకంగా హామీ ఇస్తారు. అది సొంత పెట్టుబడి లెక్క.
2. మిగతా 90 కరెంట్ లయబిలిటీ. ఎలాగూ ఏప్రిల్లో 85 పోయింది.
3. పాత స్టాక్ మీద 64 కోత చూపిస్తాం. పన్ను ప్రభావం వదిలేశాను.

ఇలా వేస్తే 2023-24కి కరెంట్ రేషియో 1,199 / 958, అంటే 1.25. డెట్-ఈక్విటీ 1,013 / 683, అంటే 1.48. మొదటి కాగితంలో ఇవి 1.46, 1.10. హామీ ముందు రెండేళ్లకు లేదు కాబట్టి ఈ రెండు అంకెల్ని పాత ఏళ్లతో పోల్చలేదు. పోలికకి దశ 2లోని కఠిన లెక్కనే ఉంచాను, రెండు పట్టికలూ విడివిడిగా, పైన ఏది దేనికో రాసి పెట్టాను.

1.33 చేరాలంటే ఇంకా 57 దాకా కరెంట్ వైపు నుంచి దీర్ఘకాలిక నిధిలోకి మారాలి. పాత స్లాబుల్ని 96కి అమ్మి సీసీలో కట్టేస్తే ఎంత అవుతుందని అబ్బాయి అడిగాడు. అక్కడే వేశాం: 1,103 / 862, అంటే 1.28. పెద్దగా పెరగదు, కానీ 96 మీద సీసీ వడ్డీ ఆగుతుంది, దాంతో 1.20 అనే ఆ వడ్డీ వరస పైకి కదలడం మొదలవుతుంది. సోమవారం సెకండ్స్ కొనే ఇద్దరు యార్డుకి వస్తున్నారు. తుమ్మ మొక్క పీకించమని మేస్త్రికి చెప్పారు.

మొత్తం: 26 గంటలు, ట్రిప్పులు 5, పారేసిన షీట్లు 2.